ఒకే లైన్లో కుట్టిన పోలోలు, ఫొటోకు అందని తేడా

ప్రశ్న: ఆబిడ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్ షాపులో 450 రూపాయలకు ఒక విదేశీ బ్రాండ్ పోలో టీషర్టు కొన్నాను. మెడ దగ్గర లేబుల్ సగం కోసేసి ఉంది. ఫొటోలు పెడితే కొందరు ఒరిజినల్ అన్నారు, కొందరు పక్కా ఫేక్ అన్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు:

తిరుప్పూర్‌లో ఒక నిట్‌వేర్ ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పని చేశాను, ఆ అనుభవంతో చెబుతున్నాను. ఫొటో చూసి చెప్పగలిగేది ఆ బట్ట ఎలా కుట్టారన్నదే. బ్రాండ్ దాన్ని తన సరుకుగా ఒప్పుకుని బయటికి పంపిందా లేదా అన్నది బట్ట మీద కనిపించదు. అది ప్యాకింగ్ లిస్టులో, ఇన్‌వాయిస్‌లో ఉండే విషయం. మీకు వచ్చిన రెండు రకాల జవాబులూ ఈ రెండింటినీ కలిపేసి చెప్పినవే.

ఫ్యాక్టరీలో ఏం జరుగుతుందో ఒక లెక్కతో చూద్దాం. యూరప్ బయ్యర్ 8,000 పోలోలు ఆర్డర్ ఇచ్చాడనుకోండి. సరిగ్గా 8,000 కట్ చేస్తే ఆర్డర్ పూర్తికాదు. కుట్టులోనో, బట్టలోనో, మరకల వల్లనో కొన్ని పోతాయి కదా. అందుకని నాలుగు శాతం ఎక్కువ వేసి 8,320 కట్ చేస్తారు. లేబుళ్లు, బొత్తాలు కూడా ఆ లెక్కకు తగ్గట్టు కాస్త ఎక్కువే తెప్పిస్తారు. చివరికి 110 రిజెక్ట్ అయ్యి, 8,000 షిప్పింగ్‌కు వెళ్లాయనుకుంటే, ఏ లోపమూ లేని 210 ముక్కలు ఫ్యాక్టరీలోనే మిగిలిపోతాయి. సర్‌ప్లస్ అంటే ఇవే. అదే బట్ట, అదే దారం, అదే టైలర్, అదే రోజు. షిప్పింగ్‌కు వెళ్లినదాన్నీ మిగిలినదాన్నీ పక్కపక్కన పెడితే నేను కూడా తేడా చెప్పలేను.

మిగిలినవాటిని అమ్ముకోవాలంటే మెడ లేబుల్ కోసెయ్యాలనో, దాని మీద మార్కర్‌తో గీత పెట్టాలనో చాలామంది బయ్యర్లు షరతు పెడతారు. ఆ తర్వాత స్టాక్‌లాట్ వ్యాపారి లాట్‌గా కొనుక్కుపోతాడు. తిరుప్పూర్ కాదర్‌పేటలో ఇలాంటి సరుకు అమ్మే దుకాణాలు వరసగా ఉంటాయి, ఊరూరా వెళ్లేది అక్కడినుంచి కూడా. చిక్కు ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే వ్యాపారి దగ్గరికి చేరేది ఆ 210 మాత్రమే కాదు. రిజెక్ట్ అయిన 110 కూడా వస్తాయి. నూనె మరకను స్ప్రే గన్‌తో తీసేసి, ఊడిన కుట్టును మళ్లీ వేసి, ఇస్త్రీ చేసి పెడితే మొదటి చూపుకు బాగానే ఉంటాయి. మూడో రకం కూడా ఉంది. ఆర్డర్ అయ్యాక మిగిలిన బట్ట రోల్స్‌ను ఒక చిన్న యూనిట్ కొనుక్కుని, అదే ప్యాటర్న్‌తో పోలోలు కుట్టి, బయట నేయించిన లేబుల్ వేస్తుంది. బట్ట అసలైనదే, రంగు అసలైనదే, కుట్టినవాళ్లు మాత్రం వేరు.

ఇప్పుడు ఈ మూడింటినీ ఫొటో తీసి చూడండి. అసలు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మంచి ముక్కకు లేబుల్ కోసి ఉంటుంది, ట్యాగ్ ఉండదు, పాలీబ్యాగ్ ఉండదు. బయట కుట్టినదానికి మెరిసే లేబుల్, ట్యాగ్, బార్‌కోడ్ అన్నీ ఉంటాయి. ఫొటో చూసేవాళ్లు కోసిన లేబుల్‌ను ఫేక్ అని, నిండు లేబుల్‌ను ఒరిజినల్ అని తేలుస్తారు. అంటే సరిగ్గా తిరగబడుతుంది. మీ పోలో లేబుల్ కోసి ఉండటం ఒక్కటే చూసి పక్కా ఫేక్ అని ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట పట్టించుకోవద్దు. అలాగని కోసిన లేబుల్ ఒరిజినల్ అనడానికి గ్యారంటీ కూడా కాదు, ఎందుకంటే సర్‌ప్లస్‌లా కనిపించాలని కావాలనే కోసేవాళ్లూ ఉన్నారు.

కుట్టు వంకరగా ఉంది, కాబట్టి బ్రాండ్ ఇలా వదలదు అనే వాదన కూడా తరచూ వింటాను. అది కూడా నిలబడదు. ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌లో ప్రతి ముక్కనూ చూడరు. లాట్‌లో ఎన్ని లోపాల వరకు ఒప్పుకోవచ్చో చెప్పే ఏక్యూఎల్ పద్ధతిలో, సాధారణంగా వాడే 2.5 స్థాయిలో, 8,000 ముక్కల లాట్ నుంచి 200 తీసి చూస్తారు. వాటిలో పెద్ద లోపాలు 10 వరకు ఉన్నా లాట్ పాస్ అవుతుంది, 11 అయితేనే ఫెయిల్. అంటే షోరూమ్‌లో పూర్తి ధరకు అమ్మే సరుకులో కూడా లోపమున్న ముక్కలు కొన్ని ఉండటం మామూలే.

బ్రాండ్ అధికారిక దారిలో కాకుండా వేరే దేశం నుంచి వచ్చే గ్రే మార్కెట్ అసలు సరుకుతో అయోమయం ఇంకో రకం. అమెరికాలో ఉన్న అన్నయ్య అక్కడి స్టోర్‌లో కొని పంపిన పోలో కేర్ లేబుల్ మీద అక్కడి ప్రభుత్వం కంపెనీకి ఇచ్చే ఆర్‌ఎన్ నంబరు ఉండొచ్చు. యూరప్ కోసం కుట్టినదానికి అది అక్కర్లేదు, బదులుగా నాలుగైదు భాషల్లో ఉతుకు సూచనలుంటాయి. మన షోరూమ్‌లో ఎమ్మార్పీ, దిగుమతిదారు పేరు ఉన్న స్టిక్కర్ కనిపిస్తుంది. ఒకే స్టైల్ రెండు దేశాల ఫ్యాక్టరీల్లో తయారైతే లేబుల్ అచ్చు కూడా మారుతుంది. హైదరాబాద్ షోరూమ్ ముక్క ఫొటోను పక్కన పెట్టి పోల్చేవాళ్లు, తేడా ఉందని చెప్పి నిఖార్సైన సరుకును ఫేక్ చేసేస్తారు. ఆర్‌ఎన్ నంబరు మీద కూడా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అది ఏ కంపెనీదో చెబుతుందే తప్ప ఈ ముక్క దానిదేనని చెప్పదు, ఎవరైనా అచ్చేసుకోవచ్చు.

మరి చేత్తో పట్టుకుని చూస్తే ఏమైనా తెలుస్తుందా అంటే, కొంతవరకు తెలుస్తుంది. మళ్లీ ఆ షాపుకు వెళ్లగలిగితే అదే స్టైల్‌లో వేరే రంగులు తీసి, పక్క కుట్టులో ఉన్న కేర్ లేబుళ్లు చదవండి. నేవీ, తెలుపు లాంటి రంగులు నూరు శాతం కాటన్ కావొచ్చు. గ్రే మెలాంజ్‌కు మాత్రం సాధారణంగా కొంత విస్కోస్‌నో పాలిస్టర్‌నో కలుపుతారు కాబట్టి దాని లేబుల్ వేరుగా ఉండాలి. అన్ని రంగులకూ, అన్ని సైజులకూ ఒకే లేబుల్, ఒకే నంబర్లు ఉన్నాయంటే ఎవరో ఒక లేబుల్‌ను చూసి మొత్తం అచ్చేశారన్న అనుమానం బలపడుతుంది.

తర్వాత బరువు. మిగిలిన రోల్స్ అయిపోయాక చిన్న యూనిట్లు పలచటి బట్ట తెచ్చుకుంటాయి. చదరపు మీటరుకు 220 గ్రాములుండే, అంటే 220 జీఎస్‌ఎమ్ పోలోను 180 జీఎస్‌ఎమ్ బట్టతో కుడితే ఫొటోలో అచ్చం అలాగే ఉంటుంది. అదే సైజు షోరూమ్ ముక్క 250 గ్రాములుంటే ఇది 205 దగ్గర తూగుతుంది. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా చాలు. ఇక ఒకసారి ఉతికి, ఆరాక పరిచి చూడండి. పక్క కుట్టు ముందువైపుకు మెలి తిరిగి వచ్చిందంటే బట్ట ఫినిషింగ్ సరిగా జరగలేదని అర్థం. అది రిజెక్ట్ అయిన ముక్కలో కూడా ఉండొచ్చు కాబట్టి ఇదొక్కటే ఫేక్ అనడానికి చాలదు.

మీ ఫొటోల్లో బొత్తం మీద చెక్కిన పేరు శుభ్రంగా ఉంది, బొత్తాలుండే పట్టీ, అంటే ప్లాకెట్ లోపలి అంచు కూడా నీట్‌గా మడిచారు. దాన్నిబట్టి అది మంచి లైన్లో కుట్టినదే అయ్యుంటుందని నా అంచనా. సర్‌ప్లస్సా, రిపేరు చేసిన రిజెక్టా అన్నది మాత్రం వాటినిబట్టి నేను చెప్పను. వేసుకోవడానికైతే 450కి అన్యాయమేమీ జరగలేదు. దాన్ని ఆన్‌లైన్‌లో ఒరిజినల్ అని పెట్టి మళ్లీ అమ్మే ఆలోచన ఉంటే మాత్రం వద్దండి, మీ దగ్గర బ్రాండ్ బిల్లు లేదు. కేర్ లేబుల్ రెండువైపులా, చంకల దగ్గర లోపలి కుట్టు, కాలర్ మెడకు కలిసేచోట టేపు ఫొటోలు తీసి, బరువు కూడా రాసి పెట్టండి. రిజెక్ట్ ముక్కకు రిపేరు చేసిన జాడలు ఎక్కువగా అక్కడే ఉంటాయి, చూసి చెబుతాను.