పదిలో ఒకటి ఏరేటప్పుడు

ఒరే నాన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, వచ్చే నెల తాంబరంలో పెళ్లి ఫోటోలు నువ్వొక్కడివే తీస్తానని ఒప్పుకున్నావని చెప్పింది. సంతోషంతో మీ మామయ్యని నిద్రలేపి మరీ చెప్పాను. కానీ ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. నువ్వు తీయగలవు, ఆ భయం లేదు. తీసినవాటిలోంచి ఏరడం దగ్గరే నాకు టెన్షన్.

మొన్న వేళచ్చేరి పెళ్లిలో నువ్వు వరసగా కొట్టిన పది తలంబ్రాల ఫోటోలు పంపించి, ఐదోది బాగుంది కదా అత్తయ్యా అన్నావు. నేను ఎనిమిదోది తీసుకుంటాను. ఎందుకో చెప్తాను విను.

నువ్వు పదింటినీ ఒక్కొక్కటిగా పెద్దది చేసి, కళ్లు షార్ప్‌గా ఉన్నాయా లేదా అని ముందు చూశావు. అది చివర చేయాల్సిన పని. ముందు పదింటినీ అరచేయంత సైజులో పక్కపక్కన పెట్టుకో. చిన్నగా ఉన్నప్పుడు మొహాలు కంటిని లాగవు, వెనకున్నవన్నీ బయటపడతాయి. నీ మొదటి మూడింటిలో వీడియో అబ్బాయి లైట్ స్టాండ్ పెళ్లికూతురి నడినెత్తి మీంచి కొమ్ములా లేచింది. నాలుగోదానికి నువ్వు అరడుగు పక్కకి జరిగావు, స్టాండ్ ఆమె తల పక్కకి పోయింది (ఆ అరడుగు జరిగినందుకు నిన్ను మెచ్చుకోవాలి). తొమ్మిది, పదిలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకుని ఒక పిల్లాడు వెనకాల వెళ్తున్నాడు. అంటే ఐదు పోయాయి, ఇంకా ఒక్క కన్ను కూడా పెద్దది చేసి చూడలేదు.

మిగిలిన ఐదింటినీ స్క్రీన్‌కి సరిపోయేంత చేసి మొహాలు చూడు. నాలుగోదాంట్లో పెళ్లికొడుకు ఏదో అంటున్నాడు, మాట మధ్యలో నోరు వంకరగా ఆగిపోయింది. ఆరోదాంట్లో అమ్మాయి రెప్పలు సగం వాలాయి. పూర్తిగా మూసిన కళ్లు ఎవరికైనా దొరుకుతాయి, ఈ సగం వాలినవే మోసం చేస్తాయి. నల్లగుడ్డు పైభాగం రెప్ప కింద ఎంత దాగిందో పక్క ఫోటోతో పోల్చి చూస్తే గానీ తెలియదు. లైట్‌రూమ్ క్లాసిక్ సాఫ్ట్‌వేర్‌లో రెండూ సెలెక్ట్ చేసి `C` నొక్కితే పక్కపక్కన వస్తాయి.

ఇక ఐదు, ఏడు, ఎనిమిది మిగిలాయి. ఇప్పుడు `Z` నొక్కి 1:1లో, అంటే ఫోటోలో ఒక పిక్సెల్‌కి స్క్రీన్ మీద ఒక పిక్సెల్ వచ్చేలా, చూడు. ఏడోదాంట్లో మొహాలు మెత్తగా ఉన్నాయి కానీ, వాటికి ముందు గాల్లో ఉన్న బియ్యపుగింజలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఫోకస్ వెళ్లి గింజల మీద కూర్చుంది. దాన్ని ఎవరూ బాగుచేయలేరు, తీసెయ్. ఎనిమిదోదాంట్లో అమ్మాయి చేతివేళ్లు చెదిరాయి గానీ వెనక మండపం స్తంభం, ఇద్దరి మొహాలు నిలకడగా ఉన్నాయి. అది చెయ్యి కదలడం వల్ల వచ్చిన చెదురు, తలంబ్రాలు పోస్తుంటే చెయ్యి కదలదా మరి. అదే ఫోటో మొత్తం, స్తంభంతో సహా, ఒకే దిక్కుకి సాగి, సీరియల్ లైట్ల చుక్కలు చిన్న గీతల్లా కనిపిస్తే మాత్రం కదిలింది నీ కెమెరా అని అర్థం.

ఐదోది ఎనిమిదోదానికంటే షార్ప్, ఒప్పుకుంటాను. కానీ ఐదులో ఇద్దరూ ఇంకా నవ్వబోతున్నారు. ఎనిమిదిలో ఒక గింజ పెళ్లికొడుకు కనుబొమ్మ మీద ఆగింది, అతను ఒక కన్ను చికిలించి, ఆమె పళ్లు కనిపించేలా నవ్వుతోంది. నీ కెమెరా ఫోటో వెడల్పు 6000 పిక్సెళ్లు. మామూలు మానిటర్ మీద 1:1లో చూడడమంటే సుమారు ఐదడుగుల వెడల్పు ప్రింట్‌ని రెండడుగుల దూరం నుంచి చూడడమే. వాళ్ల ఆల్బమ్‌లో ఆ పేజీ 18 అంగుళాలు. అక్కడ ఎనిమిదోది మెత్తగా ఉందని ఎవరికీ తెలియదు. దగ్గర కన్ను రెప్పవెంట్రుకలు విడివిడిగా తెలుస్తున్నాయా, అది చాలు. షార్ప్‌నెస్ పాసా ఫెయిలా చూడు, ఫస్ట్ ర్యాంక్ ఎవరికని వెతక్కు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ మామయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మేము ఫిల్మ్ మానేసి డిజిటల్‌కి వచ్చిన కొత్త. ఫిల్మ్ రోల్‌లో 36 ఉండేవి, ఒక గ్రూప్‌కి రెండో మూడో కొట్టేవాళ్లం, నెగెటివ్‌లు కవర్లలో పెట్టి బీరువాలో దాచేవాళ్లం. కార్డు వచ్చాక మీ మామయ్య పదేసి కొట్టడం మొదలుపెట్టారు, ఏరే పని నాది. మైలాపూర్‌లో ఒక పెళ్లి, పద్నాలుగు మంది నిలబడ్డ ఫ్యామిలీ గ్రూప్, పది ఫోటోలు. రాత్రి ఒంటిగంట దాటింది, హార్డ్ డిస్క్ నిండిపోయింది, పొద్దున్నే ఇంకో పెళ్లి. మధ్యలో ఉన్న పెళ్లికూతురు నాలుగోదాంట్లో ఎంత బాగుందో! ఆమెనొక్కదాన్నే పెద్దది చేసి చూశాను, షార్ప్‌గా ఉంది, నాలుగోది ఉంచి మిగిలిన తొమ్మిదీ డిలీట్ చేసేశాను.

ఆల్బమ్ తీసుకోవడానికి పెళ్లికూతురి తల్లి వచ్చింది. మా షాపు బల్ల మీద ఒక్కో పేజీ తిప్పుతూ, ఆ పేజీ దగ్గర ఆగిపోయింది. కుడి చివర తన మొహం మీద వేలు పెట్టి, "అందరూ బాగున్నారమ్మా, నేనొక్కదాన్నే నిద్రపోతున్నట్టున్నాను" అంది. రెప్పలు వాలిపోయి, పెదవి ఒక పక్కకి జారి ఉంది. "ఇంకోటి ఏదైనా ఉందా?" అని అడిగింది. ఉండేది. డిలీట్ చేసేముందు వేగంగా తిప్పుతుంటే ఏడోదాంట్లో ఆమె అల్లుడి వైపు తిరిగి నవ్వుతూ ఉండడం నా కంట్లో పడింది, అది నాకు బాగా గుర్తు. లేదని చెప్పాను. సరేలే అని డబ్బు మొత్తం లెక్కపెట్టి ఇచ్చి వెళ్లింది. కోప్పడినా బాగుండేది. నెలల తరబడి ఆ పెళ్లికి తిరిగి, ఆ రోజు అందరికీ వడ్డించి, నిలబడిన ఒకే ఒక్క గ్రూప్ ఫోటో అది.

తొమ్మిదీ ఉంచుకుని ఉంటే, ఏడులోంచి ఆమె తల తీసి నాలుగులో అతికించేవాళ్లం. ఒకే చోట నిలబడి రెండు మూడు సెకన్లలో కొట్టిన ఫోటోలు కాబట్టి తల సైజూ, వెలుగూ కలుస్తాయి. వరసగా కొడుతుంటే ఫ్లాష్ ఛార్జ్ అందక మధ్యలో ఒకటి రెండు చీకటిగా వస్తాయి చూడు, వాటినీ పారేయకు. కెమెరా ప్రాసెస్ చేయని రా (RAW) ఫైల్ అయితే చాలావరకు వెలుగు పెంచుకోవచ్చు, అందులో ఎవరి కళ్లు బాగుంటాయో ఎవరికి తెలుసు.

అందుకే గ్రూప్ ఫోటో చూసేటప్పుడు మధ్యలో మొదలుపెట్టకు. చివర్ల నుంచి లోపలికి రా, వెనక వరస నుంచి ముందుకి రా. ఫోకస్ కూడా అక్కడే ముందు తప్పుతుంది. అపర్చర్ 2.8లో కొడితే ముందు వరస షార్ప్‌గా ఉండి వెనకవాళ్లు మెత్తబడతారు, రెండు వరసలుంటే 5.6కి తగ్గకు.

కెమెరా వెనక ఆ మూడంగుళాల స్క్రీన్ మీద చూసి ఏదీ డిలీట్ చేయకు. ఆల్బమ్ వాళ్ల చేతికి వెళ్లి, వాళ్లు చూసి సరే అనేదాకా ఒక్కటీ డిలీట్ చేయకు. ఇది మాత్రం నాకు ఒట్టేసి చెప్పాలి. హార్డ్ డిస్క్ నేను కొనిస్తాను, డబ్బు మాట ఎత్తితే తంతాను.

పెళ్లయిన రాత్రి అలిసిపోయి ఉంటావు, ఏరడానికి కూర్చోకు. కార్డులు కాపీ చేసుకుని ఇంత తిని పడుకో. మర్నాడు వడపళని వచ్చెయ్, నీకిష్టమని గోంగూర పచ్చడి చేసి ఉంచుతాను. గ్రూప్ ఫోటోలు ఇద్దరం కలిసి చూద్దాం. ఎడమ చివర నుంచి నువ్వు చూడు, కుడి చివర నుంచి నేను చూస్తాను.

మీ అత్తయ్య