అక్షరం తప్పిన మెయిల్ ఎవరికి చేరినట్టు?

ప్రశ్న: విజయవాడలో ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తున్నాను. క్లయింట్ కంపెనీకి ఉద్యోగుల జీతాల ఫైలు పంపుతూ డొమైన్‌లో ఒక అక్షరం ఎక్కువ కొట్టాను. ఫైల్లో పాన్, బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్నాయి. మెయిల్ వెనక్కి రాలేదు. అవతలివాళ్ళ మీద కేసు పెట్టొచ్చా సార్? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: వెనక్కి రాకపోవడమే ఆలోచించాల్సిన విషయం. ఎవరూ కొనని డొమైన్‌కి పంపితే, చేరలేదని మీ సర్వరే మీకు చెబుతుంది. అలాంటి కబురు రాలేదంటే ఆ పేరు ఎవరి చేతిలోనో ఉండి, వాళ్ళ సర్వర్ మెయిల్ తీసుకుని ఉండొచ్చు. '@' ముందు ఏ పేరున్నా అన్నీ ఒకే ఇన్‌బాక్స్‌లో పడేలా పెట్టుకోవడం చాలా తేలిక. ఇలాంటి పొరపాట్ల కోసమే డొమైన్లు కొని కాచుకునేవాళ్ళున్నారు. అది ఇలాంటి పేరే ఉన్న మామూలు కంపెనీ కూడా కావచ్చు.

పంపింది మీరే కాబట్టి, అందుకున్నంత మాత్రాన అవతలివాళ్ళది నేరం కాదు. ఆ వివరాలతో ఎవరైనా మోసానికి దిగితే ఐటీ చట్టం 66సి, 66డి సెక్షన్ల కింద ఫిర్యాదు చేయొచ్చు. మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడుతుంది. అందుకే భయపడి ఆ మెయిల్‌ను డిలీట్ చేయకండి, అదే మీ సాక్ష్యం. ఈరోజే మీ ఆడిటర్ గారికి, ఆయన ద్వారా క్లయింట్‌కు రాతపూర్వకంగా చెప్పండి. వివరాలు పొరపాటున బయటపడినా 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం దాన్ని ఉల్లంఘనగానే లెక్కిస్తుంది. ఉద్యోగులకు సమాచారం ఇవ్వాల్సింది కంపెనీ, బ్యాంకును అప్రమత్తం చేసుకోవాల్సింది ఉద్యోగులు. మీరు దాచిన ప్రతి రోజూ వాళ్ళకే నష్టం.

ఆ డొమైన్ సంగతికొస్తే, దానిమీద పోరాడే హక్కు మీది కాదు, అసలు పేరు సొంతదారైన క్లయింట్‌ది. 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో ఇలాంటి వివాదమే సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఒకరిది sifynet, మరొకరు పెట్టుకున్నది siffynet, తేడా ఒక్క f. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్క్‌కు ఉన్నట్టే రక్షణ ఉంటుందని కోర్టు తేల్చింది. కోర్టుకే వెళ్ళనక్కర్లేదు, .com పేర్లకు UDRP, .in పేర్లకు INDRP అనే డొమైన్ వివాద పరిష్కార విధానాల కింద ఫిర్యాదు చేయొచ్చు. పేరు తికమకపెట్టేలా ఉందని, అవతలివాళ్ళకు దానిమీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతో తీసుకున్నారని చూపాలి. గెలిస్తే డొమైన్ వస్తుంది గానీ పరిహారం రాదు, పోయిన ఫైలూ తిరిగిరాదు.

కాబట్టి ముందుజాగ్రత్తే ముఖ్యం. ఒకసారి తప్పు కొట్టిన చిరునామాను మెయిల్ ప్రోగ్రాం గుర్తుపెట్టుకుని, మళ్ళీ అదే సూచిస్తుంది. ముందు ఆ సూచనను తీసేయండి. తరచూ పంపే క్లయింట్ల చిరునామాలు కాంటాక్టుల్లోంచే ఎంచుకోండి, చేత్తో కొట్టొద్దు. జీతాల ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని ఫోన్లో చెప్పండి. అదే మెయిల్లో రాస్తే తాళంతోపాటే చెవి ఇచ్చినట్టు. తప్పు డొమైన్‌కు బయటికి వెళ్ళే మెయిల్‌ను ఆపేయమని మీ ఐటీవాళ్ళకు చెప్పండి. క్లయింట్ తన పేరుకు దగ్గరగా ఉండి, ఇంకా ఎవరూ తీసుకోని రెండు మూడు డొమైన్లను ముందే కొనేసి, వాటికి మెయిల్ తీసుకోవద్దని డొమైన్ అమరికలుండే DNSలో ఈ ఒక్క వరుస పెట్టించుకుంటే, తప్పుగా పంపినవాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది:

```
@  IN  MX  0  .
```