‘మిస్టేక్’లో ట ఎటు పోతుంది?

ప్రశ్న: మాగ్జిమల్ ఆన్‌సెట్ ప్రిన్సిపుల్ ప్రకారం ‘చక్రం’ అనే మాటని చ-క్రం అని విడగొట్టాలని మా సార్ అంటున్నారు. ఛందస్సులో ‘చ’ గురువు కదా, అలాంటప్పుడు చక్-రం అనాలి కదా? ఏది కరెక్ట్?

మీ సార్ చెప్పింది ఆ సూత్రం లెక్కలో సరే. మీరు చెప్పింది పద్యం లెక్కలో సరే. ఇద్దరిలో ఎవరూ తప్పు కాకుండా గొడవ ఎలా వచ్చిందన్నదే అసలు సంగతి. ఈ గొడవలో నేనూ ఒకసారి అడ్డంగా ఇరుక్కున్నాను కాబట్టి ముందు ఆ కథ చెప్తాను.

ఎం.ఏ. లింగ్విస్టిక్స్ రెండో సెమిస్టర్‌లో ఇంటర్నల్ పరీక్ష. రెండు ఇంగ్లిష్ మాటలు ఇచ్చి సిలబుళ్లుగా, అంటే ఒక్కో అచ్చు చుట్టూ కలిపి పలికే ముక్కలుగా, విడగొట్టమన్నారు. ఒకటి ‘మిస్టేక్’, రెండోది ‘మిస్‌టైమ్’, అంటే వేళ తప్పి చేయడం. నేను సూత్రాన్ని మంత్రంలా వాడేశాను. ముందు అచ్చులు గుర్తుపెట్టు. రెండచ్చుల మధ్య ఉన్న హల్లుల గుంపును తీసుకో. దాని కుడి చివర నుంచి మొదలుపెట్టి, ఆ భాషలో మాట మొదట్లో రాగలిగినంత పెద్ద గుంపును తర్వాతి అచ్చుకి ఇచ్చెయ్. మిగిలింది ముందు అచ్చుకి. ఇంగ్లిష్‌లో ‘స్టాప్’, ‘స్టోన్’ ఉన్నాయి కాబట్టి ‘స్ట’ మొత్తం తర్వాతి అచ్చుకే పోవాలి. మి-స్టేక్, మి-స్టైమ్. అయిపోయింది. పేపర్ తిరిగొచ్చేసరికి మొదటిదానికి టిక్కు, రెండోదానికి ఎర్ర గీత.

నాకు ఒళ్లు మండింది. సూత్రం ఒకటే, హల్లులు అవే, ఒకటి రైటు ఒకటి రాంగు ఎలా అవుతుంది? క్లాసు అయ్యాక మేడమ్ దగ్గరికెళ్లి అదే అడిగాను. ఆవిడ వాదించలేదు. “ల్యాబ్‌కి రా, నీ నోటితోనే చూద్దాం” అన్నారు.

మైకు ముందు కూర్చోబెట్టి రెండు మాటలూ ఐదేసి సార్లు చెప్పించారు. తర్వాత ప్రాట్ అనే ధ్వనులు కొలిచే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ‘ట’ పేలిన చోటు నుంచి గొంతు మోగడం మొదలైన చోటు దాకా కొలవమన్నారు. ఆ సందునే వాయిస్ ఆన్‌సెట్ టైమ్ అంటారు. మిస్టేక్‌లో పదిహేను మిల్లీసెకన్లు. మిస్‌టైమ్‌లోనూ దాదాపు అంతే. నేను గెలిచినట్టు చూశాను. “చూశారా మేడమ్, తేడా ఏమీ లేదు.”

“సరే, ఇప్పుడు ఉత్త ‘టైమ్’ అను” అన్నారు.

అన్నాను. కొలిచాను. అదీ పదిహేనే.

“మరి నీ నోట్లో ‘టైమ్’లో ట, ‘స్టేక్’లో ట రెండూ ఒకటే. ఏదీ ఒత్తి పలకవు. ఇక సాక్షి ఎక్కడున్నాడు?” అన్నారు. తెలుగువాళ్లం ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు మాట మొదటి ప, ట, క లను మన మామూలు ప, ట, క ల్లాగే అంటాం. ఇంగ్లండ్ వాళ్లు వాటిని ఊపిరి ఊది, దాదాపు ఫ, ఠ, ఖ లాగా పలుకుతారు. అదే సిలబుల్లో ముందు ‘స’ ఉంటే మాత్రం ఆ ఊపిరి పోతుంది. తర్వాత ఒక బ్రిటిష్ మనిషి మాటల రికార్డింగ్ పెట్టారు. ‘టైమ్’లో సందు డెబ్బై మిల్లీసెకన్ల దగ్గర. ‘స్టేక్’లో ఇరవై. ‘మిస్టేక్’లోనూ ఇరవై. ‘మిస్‌టైమ్’లో మళ్లీ డెబ్బై దగ్గరికి ఎగిరింది.

అంటే మిస్టేక్‌లో ట ముందున్న స తో కలిసి ఒకే సిలబుల్లో ఉంది. మిస్‌టైమ్‌లో ట తన సిలబుల్‌కి తానే మొదలు. స వెనక ఉండిపోయింది. ఎందుకంటే ‘మిస్‌టైమ్’లో ‘మిస్’ ఇంకా బతికున్న ఉపసర్గ. ‘టైమ్’ విడిగా వినబడుతూనే ఉంటుంది. ‘మిస్టేక్’ కూడా ఒకప్పుడు అలా పుట్టిందే, పాత నార్స్ భాషలో ‘తప్పుగా తీసుకోవడం’ అనే మాట. కానీ ఈరోజు ఆ మాట అనేవాడికి ‘మిస్’ వేరు ‘టేక్’ వేరు అన్న స్పృహే లేదు. అతుకు కరిగిపోయింది, సూత్రం లోపలికి వచ్చేసింది. రెండోదాంట్లో అతుకు గట్టిగా ఉంది, సూత్రం గుమ్మం దగ్గరే ఆగింది.

ఆరోజు నుంచి నాకో మొండి అభిప్రాయం పట్టుకుంది. మాగ్జిమల్ ఆన్‌సెట్ అనేది వేరే సాక్షి ఎవరూ లేనప్పుడు వేసుకునే అంచనా మాత్రమే. సాక్షి దొరికితే సూత్రం పక్కకి తప్పుకోవాలి. మన పుస్తకాల్లో దాన్ని న్యాయమూర్తిగా కూర్చోబెడతారు. 1976లో డేనియల్ కాన్ తన ఎమ్ఐటీ థీసిస్‌లో ఇంగ్లిష్ సిలబుల్స్ గురించి రాసినప్పుడు కూడా ఈ పంపకంతో ఆగలేదు. కొన్ని హల్లులు రెండు సిలబుళ్లకూ చెందుతాయని ఒప్పుకోవాల్సి వచ్చింది. మనకి మాత్రం మొదటి అడుగు నేర్పి పరీక్ష పెట్టేస్తారు.

పైగా ‘మాట మొదట్లో రాగలిగిన గుంపు’ అనేది కూడా భాషను బట్టి, ఒక్కోసారి ఊరిని బట్టి మారుతుంది. ఇంగ్లిష్‌లో ‘ట్ల’తో మాట మొదలవదు కాబట్టి అట్-లస్. స్పానిష్‌లో ఎక్కువమంది స్పెయిన్ వాళ్లు అట్-లస్ అని విరుస్తారు, మెక్సికో వాళ్లు అ-ట్లస్ అంటారు. మెక్సికోలో నావాట్ల్ భాష నుంచి వచ్చిన ‘ట్లాస్కాలా’ లాంటి పేర్లు రోజూ నోట్లో ఆడతాయి, అందుకని ‘ట్ల’ వాళ్లకి మొదట్లో రాదగినదే. ఒకే భాష, ఒకే సూత్రం, రెండు జవాబులు.

ఇప్పుడు మీ ‘చక్రం’. మధ్యలో గుంపు ‘క్ర’. తెలుగులో ‘క్ర’తో మాట మొదలవుతుందా? క్రమం వదిలేయండి, అది సంస్కృతం. క్రింద, క్రొత్త ఉన్నాయి. కాబట్టి సూత్రం ప్రకారం చ-క్రం. ‘చంద్రుడు’లో గుంపు న్ద్ర. దాంతో ఏ మాటా మొదలవదు, ద్ర తో మొదలవుతుంది (ద్రాక్ష), కాబట్టి చన్-ద్రు-డు. ‘అక్క’లో క్క తో మాటే లేదు కాబట్టి అక్-క. ఇక్కడి దాకా చిక్కు లేదు.

అయితే మన లిపి ఈ సూత్రం కన్నా పెద్ద అతివాది. అది హల్లు ఏదైనా సరే తీసుకెళ్లి తర్వాతి అచ్చు మీద పడేస్తుంది. అ, క్క. ప, ర్వ, తం. పలికేటప్పుడు ‘అక్క’లో మొదటి క ముందు అచ్చుకి అంటుకుందని చిన్నపిల్లాడికి కూడా తెలుసు, కానీ రాతలో దాన్ని రెండో గడిలో కూర్చోబెడతాం. రాసే ముక్కనీ పలికే ముక్కనీ కలిపి ‘అక్షరం’ అన్న ఒకే మాటతో పిలవడం మన పాఠాలకి పట్టిన జబ్బు. దీని వల్ల సగం క్లాసు సిలబుల్స్ విడగొట్టమంటే రాతని ముక్కలు చేసి ఇస్తుంది. అందుకే నేను మొండిగా సిలబుల్ అనే రాస్తున్నాను.

ఇక ఛందస్సు. సంయోగం ముందున్న హ్రస్వం గురువు అని పాణిని ఒకే ముక్కలో చెప్పాడు (1.4.11). తెలుగు పద్యమూ అదే పట్టుకుంది. హ్రస్వాచ్చు బరువెక్కాలంటే దాని సిలబుల్‌ని ఒక హల్లు మూసేయాలి. చ-క్రం అయితే ‘చ’ తెరిచే ఉంటుంది, లఘువు కావాలి. కానీ పద్యం దాన్ని గురువంటుంది. అంటే పద్యం వినే చెవికి క వెనక్కి వచ్చింది. ఇంగ్లిష్‌లో ఊపిరి ఎలా సాక్షో, మనకి గురులఘువులు అలా సాక్షి. మీరు మంచి సాక్షినే పట్టుకున్నారు.

కానీ చక్-రం అని తేల్చేయడానికి కూడా నాకు చెయ్యి రాదు. నెమ్మదిగా, శ్రద్ధగా ‘చక్రం’ అని చూడండి. క దగ్గర నాలుక కాసేపు ఆగుతుంది, చక్-క్రం లాగా. అచ్చు తర్వాత వచ్చే హల్లు, దాని తర్వాత అచ్చు లేకపోతే, ఇష్టమైతే రెట్టించొచ్చని పాణిని మరోచోట అంటాడు (8.4.47). అంటే ఆ కాలం నోళ్లలో కూడా ఈ ఆగడం ఉంది. అప్పుడు ‘క్ర’ మొత్తం రెండో సిలబుల్లోనే ఉంది, మొదటిదాన్ని మూయడానికి ఇంకో క కూడా ఉంది. మీ సారూ, మీ పద్యమూ ఒకేసారి గెలుస్తారు. నా ఓటు దీనికే.

ఇది నమ్మకపోతే ఎదురు ఉదాహరణలు చూడండి. ‘అద్రుచు’, ‘విద్రుచు’ లాంటి అచ్చతెలుగు మాటల్లో రేఫని తేల్చి పలికితే ముందు అక్షరం లఘువే అని మన ఛందస్సు ఒప్పుకుంటుంది. నోరు అక్కడ ఆగదు కాబట్టి అ-ద్రు-చు. రాతలో ‘చక్రం’కీ దీనికీ తేడా లేదు. తేడా అంతా నోట్లో.

ఇంకొకటి. ‘అతని ప్రేమ’లో ‘ని’ లఘువు. ‘పుత్రప్రేమ’లో ‘త్ర’ గురువు. రెండు చోట్లా ముందు హ్రస్వమే, తర్వాత ‘ప్ర’యే. మొదటిదాంట్లో రెండూ వేర్వేరు మాటలు, ‘ప్ర’ తన మాటలోనే మొత్తంగా ఉండిపోతుంది. రెండోది సంస్కృత సమాసం, మాటలు ఒకటైపోయాయి కాబట్టి ‘ప’ వెనక్కి సాయం వెళ్తుంది. మిస్‌టైమ్, మిస్టేక్ కథే ఇది. అతుకు తెలిసినంత సేపు హల్లు దాన్ని దాటదు. దాటే దిక్కు మాత్రం వేరు: ఇంగ్లిష్‌లో స ముందుకి, మన దగ్గర ప వెనక్కి. ఆ రోజు ల్యాబ్‌లో నాకు ఈ జంట తట్టి ఉంటే మేడమ్‌తో ఇంకో గంట కూర్చునేవాణ్ణి.

పరీక్షలో ఏం రాయాలంటారా? ప్రశ్నలో ‘ఈ సూత్రం ప్రకారం’ అని ఉంటే చ-క్రం అనే రాసి, కింద ఒక వాక్యం చేర్చండి: పద్యంలో ‘చ’ గురువు కాబట్టి తెలుగు పలుకుబడిలో క మొదటి సిలబుల్‌ని కూడా మూస్తుంది. ఆ వాక్యానికి మార్కు వస్తుందో లేదో దిద్దేవాళ్ల ఇష్టం. నా ‘మి-స్టైమ్’కి మాత్రం అంత కొలిచి చూపించాక కూడా మేడమ్ అర మార్కు కలపలేదు, పైగా రికార్డింగ్ ఫైలు పేరు ‘మిస్టేక్’ అని పెట్టుకున్నారు.