సారాయెవో కాల్పులకు ఎంత, అంతకుముందు ముప్పై ఏళ్లకు ఎంత?

"సార్, మా అమ్మాయి బీఏ రెండో ఏడాది, దాంతోపాటే సివిల్స్ ఫౌండేషన్ కోర్సు. మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాల మీద పెద్ద వ్యాసం ఎన్నిసార్లు రాసినా 20కి 8 దాటట్లేదు. దీర్ఘకాలిక కారణాలు ఎక్కువ రాయాలా, తక్షణ కారణమా? ఆన్సర్ రైటింగ్ కోర్సులో కూడా చేర్పించాలా, లేక హిస్టరీ ఆప్షనల్ వదిలేసి సోషియాలజీ తీసుకోమనాలా?"

మీ టెన్షన్ యుద్ధం గురించి కాదండీ, అమ్మాయికి ఈ లైను సరిపడదేమోనని. ఆ 8 మార్కుల్ని బట్టి అలా తేల్చేయకండి. ఈ మార్కులొచ్చే పేపర్లు నా దగ్గరికి చాలానే వస్తాయి, అన్నీ ఒకే అచ్చు. పదో తరగతి సోషల్‌లో చదివిన జాతీయవాదం, సామ్రాజ్యవాదం, రహస్య ఒప్పందాలు, సైనికవాదం తలా ఒక పేరా, చివర్లో 1914 జూన్ 28న సారాయెవోలో ఆస్ట్రియా యువరాజు ఫెర్డినాండ్ హత్య ఇంకో పేరా. రాసిందాంట్లో తప్పుండదు, కానీ దేనికెంత బరువో ఎక్కడా చెప్పరు.

బరువు తేలాలంటే అమ్మాయిని ఒక్క ప్రశ్న వేసుకోమనండి: అవే కారణాలు 1908లోనూ ఉన్నాయి కదా, అప్పుడు యుద్ధం ఎందుకు రాలేదు? ఆ ఏడు ఆస్ట్రియా బోస్నియాను కలిపేసుకుంది, సెర్బియా భగ్గుమంది, దానికి అండగా ఉన్న రష్యాకూ ఒళ్లు మండింది. కానీ 1905లో జపాన్ చేతిలో ఓడిన రష్యా ఇంకా కోలుకోలేదు, జర్మనీ గట్టిగా అడిగేసరికి తగ్గింది. 1912-13 బాల్కన్ యుద్ధాలప్పుడు జర్మనీయే ఆస్ట్రియాను చాలావరకు వెనక్కి లాగింది. 1914లో మాత్రం జులై 5న జర్మనీ 'నువ్వేం చేసినా నీ వెనక మేమున్నాం' అనేసింది, రష్యా ఈసారి తగ్గదల్చుకోలేదు. హత్య జరిగిన 25 రోజులకు గానీ, అంటే జులై 23కి గానీ, ఆస్ట్రియా సెర్బియాకు తన షరతులు పంపి 48 గంటల గడువు పెట్టలేదు. ఆ 25 రోజుల్లో వియన్నా, బెర్లిన్‌లలో మనుషులు కూర్చుని తీసుకున్న నిర్ణయాలే తక్షణ కారణంలో అసలు భాగం, మన పిల్లలు మాత్రం తుపాకీ పేలగానే యుద్ధం మొదలైనట్టు రాసేస్తారు.

ఇక దీర్ఘకాలిక కారణాలు. వాటిని విడిగా పేర్చకుండా ఒక్కోదాన్నీ జులైలో ఏదో ఒక రోజుకు ముడిపెట్టి రాయాలి. సైనికవాదం అనగానే ఎన్ని నౌకలు, ఎన్ని ఫిరంగులు అని లెక్కలు రాయడం కాదు. జులై 30న రష్యా సైన్యం మొత్తాన్ని సమీకరించమని ఆదేశించింది. జర్మనీ దగ్గరున్న ప్లాను ప్రకారం రష్యా పూర్తిగా సిద్ధమయ్యేలోపే ముందు దాని మిత్రదేశం ఫ్రాన్స్‌ను ఓడించాలి, దానికి దారి బెల్జియం మీదుగా. అందుకే ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్స్ మీద యుద్ధం ప్రకటించి 4న బెల్జియంలోకి దిగింది, అదే రోజు బ్రిటన్ కూడా యుద్ధంలోకి వచ్చింది. సెర్బియాతో మొదలైన తగాదా రెండు వారాల్లోపే బెల్జియాన్ని ఎందుకు ముంచిందో ఇప్పుడు అర్థమవుతుంది, ఇదొక్కటి సరిగ్గా రాసినా ఎగ్జామినర్ ఆగి చదువుతాడు.

కూటముల గురించి రాసేటప్పుడు ఇటలీని మర్చిపోవద్దనండి. 1882 నుంచి జర్మనీ, ఆస్ట్రియాలతో ఒప్పందంలో ఉండి కూడా 1914లో తటస్థంగా కూర్చుంది, మరుసటేడు అవతలి పక్షాన దిగింది. అంటే ఒప్పందం ఉన్నంత మాత్రాన యుద్ధంలోకి దిగి తీరాలని లేదు. సామ్రాజ్యవాదానికి కాస్త తక్కువ చోటు చాలు, ఎందుకంటే జర్మనీ పెట్టుబడితో వేస్తున్న బాగ్దాద్ రైల్వే మీద బ్రిటన్, జర్మనీ 1914 జూన్ నాటికి ఒక అవగాహనకు వచ్చేశాయి.

నాలుగు పేజీల వ్యాసమైతే మొదటి అర పేజీలోనే తీర్పు చెప్పేయాలి: గొడవ ఖండమంతా పాకడానికి పాత కారణాలు, అది 1914లోనే పాకడానికి జులై నిర్ణయాలు. తర్వాత రెండు పేజీలు మొదటిదానికి, ఒక పేజీ రెండోదానికి, మిగిలిన అర పేజీలో 1908తో పోలిక. రాశాక జులై పేజీని చేత్తో మూసి మిగతాది చదవమనండి. ఏమీ తేడా తెలియకపోతే రెండు భాగాలూ అతకలేదన్నమాట.

ఆన్సర్ రైటింగ్ కోర్సు వద్దు. నిజానికి డిగ్రీతో పాటే ఫౌండేషన్ అనే ఈ ఫ్యాషన్ మీదే నాకు అనుమానం. పద్దెనిమిదేళ్ల పిల్ల ఒక పుస్తకం కుదురుగా చదవకముందే మోడల్ ఆన్సర్లు బట్టీ పట్టిస్తున్నారు, ఆ ఐదు పేరాల అచ్చు అక్కడిదే. అందరికీ చెడ్డదని అనను, కానీ కాలేజీ లైబ్రరీకి టైమ్ మిగలని ఏ కోర్సయినా ఈ సబ్జెక్టుకు నష్టమే. మీరు కూడా ప్రతి టెస్ట్ మార్కూ ఫోన్‌లో చూసి రాత్రి భోజనాల దగ్గర పంచాయితీ పెట్టడం మానండి. ఆమె పేపర్ ఒక్కటైనా పూర్తిగా చదివారా?

సోషియాలజీతో పోలిక అడిగారు. సిలబస్ చిన్నదే, కానీ కారణాల్ని తూచడం అక్కడా తప్పదు. ఆప్షనల్ నింపేది అప్లికేషన్ పెట్టేటప్పుడు, దానికి డిగ్రీ పూర్తి కావస్తుండాలి. ఈలోపు ఇదే వ్యాసాన్ని ఇంకోసారి రాయించి, మార్కులు వేయకుండా చదివే లెక్చరర్ ఎవరికైనా చూపించండి.