బ్యాంకు ఖాతా మారితే కొనుగోలుదారులకు ఎలా చెప్పాలి?

పలాసలో మాది జీడిపప్పు వ్యాపారం. కంపెనీ బ్యాంకు ఖాతా మారుస్తున్నాం. మోసానికి తావు లేకుండా కొనుగోలుదారులకు ఎలా తెలియజేయాలి?

ఉత్తరంలో కొత్త ఖాతా నంబరు ఇవ్వండి కానీ, ఫోను నంబరు మాత్రం వేయకండి. “మా పాత బిల్లు మీద ఉన్న నంబరుకు మీరే ఫోను చేసి, ఖాతా చివరి నాలుగు అంకెలు సరిచూసుకున్నాకే డబ్బు పంపండి” అని రాయండి. మోసగాడు మీ ఉత్తరాన్ని అచ్చు గుద్దినట్టు తయారుచేసి, ఖాతాతో పాటు ఫోను నంబరు కూడా తనదే పెడతాడు. ఆ నంబరుకు చేస్తే “అవునండీ, మాదే” అనేది వాడే.

నేను లెక్కలు చూసే ఒక మిల్లుకు ఇదే జరిగింది. ఈమెయిల్ చిరునామాలో ఒక్క అక్షరమే తేడా. విజయవాడ వ్యాపారి పాత బిల్లు తీసి ఫోను చేయబట్టి నాలుగు లక్షలు దక్కాయి.

నెఫ్ట్‌లో సొమ్ము ఖాతా నంబరును బట్టే జమవుతుంది, మీరు రాసిన పేరును బట్టి కాదు. అందుకే పంపేముందు బ్యాంకు యాప్‌లో ఖాతాదారు పేరు చూడమనండి. పేరు కలిసినా ఫోను మానకూడదు, అలాంటి పేరుతోనే ఖాతా తెరిచేవారున్నారు. తర్వాత ఒక్క రూపాయి పంపించుకుని, అందిందని మీరు చెప్పాకే మిగతాది. పాత ఖాతాను మూడు నెలలైనా మూయకండి. సొమ్ము మోసగాడి ఖాతాకు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి.