రోగ్‌లైక్‌లో ఆయుధాల డ్యామేజ్, ధర, రేరిటీ ఎలా సరిచూసుకోవాలి?

ప్రశ్న: "నా రోగ్‌లైక్‌లో ఆయుధాల డ్యామేజ్ అంతా షీట్‌లో పెట్టి DPS ప్రకారం ధర వేశాను. అయినా ఆడేవాళ్లు కొన్నిటినే కొంటున్నారు. ఎక్కడ తేడా వస్తోంది?"

తేడా DPS దగ్గరే మొదలవుతుంది. మేం చేసిన టర్న్ బేస్డ్ గేమ్‌లో ఆ కాలమ్ తీసేసి, ఒక్కో శత్రువును చంపడానికి ఎన్ని టర్న్‌లు పడతాయో లెక్కేశాం. డ్యామేజ్ B, టర్న్‌కు దెబ్బలు C, శత్రువు ప్రాణం D, కవచం E అనుకుంటే:

```
=ROUNDUP(D2/MAX(1,B2-E2),0)/C2
```

బాకు దెబ్బకు 4, టర్న్‌కు రెండు దెబ్బలు. సుత్తి దెబ్బకు 9, ఒక్కటే దెబ్బ. DPS చూస్తే 8, 9, దాదాపు సమానం. కానీ 4 ప్రాణం ఉన్న ఎలుకను బాకు అర టర్న్‌లో చంపి, మిగిలిన దెబ్బ ఇంకో ఎలుకకు వేస్తుంది. సుత్తికి ఒక టర్న్ మొత్తం పడుతుంది, అందులో 5 డ్యామేజ్ వృథా. అదే 20 ప్రాణం, 2 కవచం ఉన్న కాపలావాడి మీద బాకుకు 5 టర్న్‌లు, సుత్తికి 3.

ఇప్పుడు ఫ్లోర్‌లో ఎవరెంతమంది ఉన్నారో దాన్నిబట్టి సగటు తీయండి. మొదటి ఫ్లోర్‌లో 80 శాతం ఎలుకలుంటే రెండిటికీ 1.4 టర్న్‌లే. కింది ఫ్లోర్లలో కాపలావాళ్లు 70 శాతమైతే బాకుకు 3.65, సుత్తికి 2.4. అంటే మొదటి ఫ్లోర్ షాపులో రెండిటికీ ఒకే ధర న్యాయమే, కింది ఫ్లోర్లలో కాదు. ధర ఈ సగటును బట్టి వేయాలి.

ప్లేటెస్ట్ డేటాలో అసలు చిక్కు రేర్ ఆయుధాలతో. అవి చివరి ఫ్లోర్లలో దొరుకుతాయి కాబట్టి, వాటిని పట్టుకున్నవాళ్లు అప్పటికే బతికి ఉన్నవాళ్లు. గెలుపు శాతం ఎక్కువ కనిపించడం సహజం. దాన్ని చూసి నెర్ఫ్ చేయకండి. కొన్నవాళ్లను కొననివాళ్లతో పోల్చినా సరిపోదు, ఎందుకంటే డబ్బు మిగిల్చుకున్నవాళ్లే కొంటారు. షాపులో ఏ ఆయుధం కనిపించాలో ర్యాండమ్‌గా తేలుతుంది కదా, అందుకే అదే ఫ్లోర్‌లో ఆ ఆయుధం షాపులో కనిపించిన రన్‌లను, కనిపించని రన్‌లను పోల్చండి. కొన్నా కొనకపోయినా అన్నిటినీ లెక్కలోకి తీసుకోవాలి. ఇందుకోసం లాగ్‌లో కొన్నదే కాదు, షాపు చూపించిన ప్రతి వస్తువూ ఉండాలి. చాలామంది ఇదే వదిలేస్తారు.

ఇంకో విషయం. 50 రన్‌లలో 20 శాతం గెలుపు వస్తే, నిజమైన విలువ సుమారు 10 నుంచి 30 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. చిన్న టీమ్‌కు గెలుపు శాతం పనికొచ్చే కొలత కాదు. ఆ షాపు తర్వాత రెండు ఫ్లోర్లలో ఎంత ప్రాణం పోయిందో కొలవండి, తేడా త్వరగా తెలుస్తుంది. అక్కడ చనిపోయిన రన్‌లను తీసేయకండి, మిగిలిన ప్రాణమంతా పోయినట్టు లెక్కేయండి. రేర్ ఆయుధానికి డేటా చాలకపోతే, టెస్ట్ బిల్డ్‌లో మాత్రం అది కనిపించే అవకాశం పెంచి ఆడించండి.