అగ్రిమెంట్‌కి ముందైతే పెట్టండి: ఆర్కిటెక్ట్ కాన్సెప్ట్ ఫీజు సంగతి

ప్రశ్న: మాది నెల్లూరు. అన్నదమ్ములిద్దరం చిన్న అపార్ట్‌మెంట్లు కడుతుంటాం. ఇప్పుడు 60 అంకణాల స్థలం (48 అడుగుల వెడల్పు, 90 అడుగుల లోతు) డెవలప్‌మెంట్‌కి మాట్లాడుతున్నాం. స్టిల్ట్ మీద నాలుగు అంతస్తులు, ఎనిమిది ఫ్లాట్లు. ఓనరుకి 1,240 అడుగుల ఫ్లాట్లు నాలుగు ఇస్తామని అనుకున్నాం, ఇంకా సంతకాలు కాలేదు. ఈలోగా ఒక ఆర్కిటెక్ట్ ఈమెయిల్ పంపారు. 50,000 రూపాయలకు కాన్సెప్ట్ డిజైన్ కన్సల్టేషన్, రెండు ఆప్షన్లు, ఒక 3డీ వ్యూ అట. ప్లాన్ ఎప్పుడూ మా ఇంజనీరే గీస్తాడు. ఈ డబ్బు దండగ కాదా సార్?

జవాబు: సంతకాలు కాలేదన్నారు కాబట్టి దండగ కాదు. అయితే ఆ ఈమెయిల్‌ని ఉన్నదున్నట్టు ఒప్పుకోకండి. మీకు ఇప్పుడు కావాల్సింది అందమైన బొమ్మ కాదు, ఆ స్థలంలో ఎన్ని అడుగులు లేస్తాయన్న నమ్మకమైన లెక్క. అది సంతకానికి ముందు చేతికొస్తేనే దానికి విలువ.

మీ స్థలాన్నే తీసుకుని చూద్దాం. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 60 అంకణాలకు 4,320 అడుగులు. సెట్‌బ్యాకులు స్థలం సైజు, ముందున్న రోడ్డు, బిల్డింగ్ ఎత్తు మీద ఆధారపడతాయి. లెక్క కోసం ముందు 10 అడుగులు, మిగతా మూడు వైపులా 7 అడుగుల చొప్పున వదిలామనుకోండి. మిగిలేది 34 బై 73, అంటే అంతస్తుకి 2,482 అడుగులు. నాలుగు అంతస్తులకి 9,928. ఎనిమిదితో భాగిస్తే ఫ్లాటుకి 1,241. మీ నోటి లెక్క ఇక్కడి నుంచే వచ్చినట్టుంది, అది తప్పేమీ కాదు.

ఇప్పుడు మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు వెడల్పు కావాల్సి ఉందనీ, మీ ముందు భాగంలో 5 అడుగులు పోతాయనీ తేలిందనుకోండి. సెట్‌బ్యాక్ కొత్త గీత నుంచి కొలవాలి. లోతు 73 నుంచి 68కి తగ్గుతుంది, నాలుగు అంతస్తుల మొత్తం 9,248కి వస్తుంది. 680 అడుగులు పోయాయి. కానీ ఓనరుకి రాసిచ్చింది 4,960 అడుగులు, అందులో ఒక్క అడుగు తగ్గదు. పోయిన 680 అడుగులూ మీ వాటాలోంచే పోతాయి. అడుగు 5,000కి అమ్ముతారనుకుంటే 34 లక్షలు. ఆ 680 అడుగులు కట్టక్కర్లేదు కాబట్టి అడుక్కి 2,000 చొప్పున 13 లక్షల 60 వేలు మిగులుతుంది. అది తీసేసినా నికర నష్టం 20 లక్షల 40 వేలు.

అదే అగ్రిమెంట్‌లో అడుగుల బదులు "మంజూరైన ప్లాన్‌లో 50 శాతం" అని రాసుకుని ఉంటే, కోత ఇద్దరికీ చెరి 340 అడుగులు పడుతుంది. మీకు పోయేది 17 లక్షలు, మిగిలే కట్టుబడి ఖర్చు 13 లక్షల 60 వేలు, నష్టం 3 లక్షల 40 వేలు. అదే స్థలం, అదే బిల్డింగు. మారింది అగ్రిమెంట్‌లో ఒక్క వాక్యం. కాన్సెప్ట్ కోసం పెట్టే డబ్బు ఈ వాక్యాన్ని సరిగ్గా రాసుకోవడానికే. రోడ్డుకి వదిలిన జాగాకి టీడీఆర్ బాండు గానీ, సెట్‌బ్యాక్‌లో సడలింపు గానీ అడిగే వీలుంది. అందులో మీ స్థలానికి ఏది వర్తిస్తుందో కూడా ఆ లెక్కలోనే చూపించమనండి.

రెండో సంగతి స్టిల్ట్. చిన్న బిల్డర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే అని నా అభిప్రాయం. 34 అడుగుల వెడల్పులో కార్లు రెండు వైపులా నిలిపితే, కారు స్థలానికి 5 మీటర్ల చొప్పున 33 అడుగులు పోతాయి, మధ్యలో నడపడానికి దారే ఉండదు. కాబట్టి ఒక వరసే. 73 అడుగుల పొడవులో మెట్లు, లిఫ్టు ఆ వరసలోనే పడితే సుమారు 14 అడుగులు పోతాయి, పిల్లర్ల మందం ఇంకో 4 అడుగులు. మిగిలిన 55 అడుగుల్లో కారుకి రెండున్నర మీటర్లు, అంటే 8 అడుగుల పైచిలుకు లెక్కన ఆరు కార్లే పడతాయి. ఎనిమిది ఫ్లాట్లు, ఆరు కార్లు. ఆ మిగతా రెండు ఫ్లాట్లు రేటు తగ్గిస్తే తప్ప కదలవు, వాటి మీద అప్పు వడ్డీ మాత్రం నెలనెలా కదులుతూనే ఉంటుంది. మెట్లు, లిఫ్టు ఎక్కడ పెట్టాలన్నది ఇప్పుడైతే పెన్సిల్‌తో చెరిపేసే గీత. అందుకే 3డీ వ్యూ వద్దని చెప్పి, దాని బదులు పిల్లర్లతో సహా స్టిల్ట్ పార్కింగ్ డ్రాయింగ్ అడగండి. ఎలివేషన్ బొమ్మ బ్రోచర్ వేసే రోజు చేయించుకోవచ్చు.

ఫీజు లెక్క కూడా చూద్దాం. ఆయనకు జీఎస్టీ నంబరు ఉంటే 50,000 మీద 18 శాతం, 9,000 అదనం. ఫ్లాట్ల మీద 5 శాతమో 1 శాతమో కట్టే పద్ధతిలో మీకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. కాబట్టి మీ అసలు ఖర్చు 59,000 అని రాసుకోండి. ఇది డీల్ కుదరకపోతే పోయే డబ్బు, అందుకని ఓవర్‌డ్రాఫ్ట్‌లోంచి కాకుండా సొంత డబ్బులోంచి పెట్టండి. డీల్ కుదరనందుకు 59,000 పోయిందంటే చెడ్డ డీల్ నుంచి బయటపడినట్టే. ఓనరుకి అడ్వాన్స్ ఇచ్చేశాక అయితే అంత తేలిగ్గా బయటికి రాలేరు.

ఆయనకి జవాబుగా ఇలా రాయండి: "సైట్ మీరే కొలిపించాలి లేదా మేమిచ్చే సర్వే సరిపోతుందో ముందే చెప్పాలి. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు ఏ నిబంధన ప్రకారం తీసుకున్నారో డ్రాయింగ్ మీద రాయాలి. ఫ్లాటు వారీగా కార్పెట్, బాల్కనీ, కామన్ ఏరియా విడివిడిగా చూపించాలి. సగం ఫీజు ఇప్పుడు, సగం ఆ లెక్క ఇచ్చాక. తర్వాత పూర్తి పని మీకే ఇస్తే ఈ ఫీజు అందులో తగ్గించాలి. ఇవ్వకపోతే ఈ డ్రాయింగ్‌ని మా ఇంజనీర్ వాడుకోవడానికి లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి." ఈ చివరి మాట మర్చిపోకండి. డబ్బిచ్చినంత మాత్రాన డ్రాయింగ్ మీద హక్కు మీకు వచ్చేయదు, కాపీరైట్ మామూలుగా గీసినవారిదే. ఆయన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ నంబరు కూడా అడగండి, అది CA తో మొదలవుతుంది, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

ఈమెయిల్‌లో రెరా పని గురించి ఏమైనా ఉంటే దానికి డబ్బు ఇవ్వకండి. మీది 401 చదరపు మీటర్లు, ఎనిమిది ఫ్లాట్లు. 500 మీటర్ల హద్దూ దాటలేదు, ఎనిమిది ఫ్లాట్ల హద్దూ దాటలేదు. ఐదో అంతస్తు ఆలోచన వస్తే మాత్రం ముందు రెరా సంగతి కనుక్కోండి.

మీ ఇంజనీర్‌ని వదులుకోవద్దు. కాన్సెప్ట్ డ్రాయింగ్ భూమి లోపల ఏముందో చెప్పదు. నల్లరేగడి తగిలితే పునాది ఖర్చు మారిపోతుంది, దానికి సాయిల్ టెస్ట్ వేరేగా చేయించాలి, అది ఆయన చూసుకుంటాడు. ఆర్కిటెక్ట్ పై షరతులకు ఒప్పుకోకపోతే, అదే ఏరియా లెక్క, అదే స్టిల్ట్ డ్రాయింగ్ మీ ఇంజనీర్ చేత డబ్బిచ్చి చేయించండి. ఎవరు చేసినా సరే, ఆ కాగితం వచ్చేదాకా ఓనరుని పది, పదిహేను రోజులు ఆగమనండి.